కారు ఎంత తరిగింది?



మా ఇంటికి దగ్గరలో, అమీర్‌పేటలో, ఒక జెరాక్సు దుకాణం ఉన్నది. అమీర్‌పేట సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఎటు చూసినా కోచింగు సంస్థలు, వాటి బోర్డులు, పుస్తకాల సంచులు తగిలించుకున్న విద్యార్థులు. అందుచేత అక్కడ జెరాక్సు దుకాణాలకు తీరిక ఉండదు. ఈ పేజీకి రాసిన కాగితాలు మీ సంపాదకుల వారికి పంపే ముందు నేను ఆ దుకాణంలోనే ఒక నకలు తీయించుకుంటూ ఉంటాను.

మొన్న వెళ్లేసరికి అక్కడ మెషీను ఆగి ఉన్నది. దుకాణదారు, ఆయన బావమరిది, ఎనిమిదో తరగతి చదువుతున్న ఆయన కూతురు, ముగ్గురూ బల్ల చుట్టూ నిలబడి ఒక కాగితం కేసి చూస్తున్నారు. బావమరిది ఉండేది పంజాగుట్టలో. మెట్రో ఎక్కితే ఒక్క స్టేషను దూరం. తోడబుట్టిన ఆవిడ ఇంటికి వచ్చినట్టూ ఉంటుంది, బేరం తేల్చుకున్నట్టూ ఉంటుందని వచ్చాడు.

బేరం దేనికంటారా? కారుకు. కాగితం కట్టలు తేవడానికి, అచ్చయిన నోట్సు కోచింగు సంస్థలకు చేరవేయడానికి ఆ దుకాణదారు అయిదేళ్ల కిందట ఏప్రిల్ నెలలో 6,00,000 రూపాయలు పెట్టి ఒక కారు కొన్నాడు. ఇప్పుడు దాన్ని అమ్మి, ఆ డబ్బుతో కొత్త జెరాక్సు మెషీను కొనాలని ఉన్నది. బయటివాళ్లకు అమ్మడం ఎందుకు, నేనే తీసుకుంటానన్నాడు బావమరిది. అంతవరకు బాగానే ఉన్నది. ధర దగ్గర వచ్చింది చిక్కు.

"సార్, మీరే చూడండి," అన్నాడు బావమరిది నన్ను చూడగానే. "బావ లెక్కల పుస్తకంలో ఆడిటరుగారు ఏటా కారు మీద 15 శాతం తరుగు రాశారు. అయిదేళ్లయింది. అయిదు పదిహేనులు డెబ్బై అయిదు. నూటికి 75 పోతే మిగిలేది 25. ఆరు లక్షల్లో పాతిక వంతు లక్షన్నర. నేను ఒక్క రూపాయి కూడా తగ్గించి అడగడం లేదు."

మనిషి మోసగాడు కాడు. నిజంగానే అలా అనుకుంటున్నాడు. దుకాణదారుకు కూడా ఎదురు చెప్పడానికి ఏమీ తోచలేదు. "లెక్క ప్రకారం అంతే కదా సార్. ఏం చేస్తాం?" అని బయానా తీసుకోవడానికి సిద్ధపడ్డాడు. అప్పుడు ఆ అమ్మాయి మెల్లిగా అడిగింది: "మామయ్యా, మరి ఇంకో రెండేళ్లు ఆగితే కారు ఊరికే ఇచ్చేయాలా?"

ఎంత మంచి ప్రశ్న వేసిందో చూశారా! ఏటా 15 చొప్పున కూడుకుంటూ పోతే ఆరేళ్లకు 90, ఏడేళ్లకు 105. నూటికి 105 పోవడం ఎలా ఉంటుంది? ఆరు లక్షల కారు ఏడో ఏడు నిండేసరికి సున్నా కన్నా ముప్పై వేలు తక్కువ కావాలి. అంటే కారు తీసుకుపోయేవాడికి దాని యజమాని పైన ముప్పై వేలు ముట్టజెప్పాలి! కారు నడుస్తూనే ఉన్నది, తలుపులు పడుతూనే ఉన్నాయి, దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. అటువంటి కారుకు అంత అన్యాయం జరగదు కదా.

ట్యాక్సీలయితే ఈ కూడిక ఇంకా తొందరగా బోల్తా పడుతుంది. మన దేశపు ఆదాయపు పన్ను నియమాలలో, వ్యాపారానికి వాడుకునే మామూలు కారుకు తరుగుదల ఏటా 15 శాతం. కిరాయికి తిప్పే ట్యాక్సీలు, లారీలు, బస్సులయితే 30 శాతం. అవి రాత్రింబగళ్లు తిరుగుతాయి కనుక వేగంగా అరుగుతాయని ఆ తేడా. నాలుగు ముప్పైలు ఎంత? నూట ఇరవై. పంజాగుట్ట కూడలిలో నిలబడి చూడండి. నాలుగేళ్లు దాటిన ట్యాక్సీలు ఎన్ని పోతుంటాయో! అవన్నీ సున్నా కన్నా తక్కువ విలువ గలవేనా?

తప్పు ఎక్కడున్నదో ఇప్పుడు వెతుకుదాం. 15 శాతం అన్న మాట దానంతట అది సగం మాటే. ఎవరైనా "నూటికి పదిహేను" అంటే మీరు వెంటనే "దేనిలో?" అని అడగాలి. బావమరిది ఏటా ఆరు లక్షలలో పదిహేను శాతం తీశాడు. ఆడిటరు ఏటా తీసింది ఆరు లక్షలలో కాదు, ఆ ఏడు మొదట్లో ఎంత విలువ మిగిలి ఉన్నదో దానిలో.

మీ ఇంట్లో ఆవకాయ జాడీ ఉన్నది కదా. మీ అమ్మగారు ఒక నియమం పెట్టారనుకోండి: "నెలకొకసారి ఈ జాడీలో ఆ రోజుకు ఎంత ఉంటే దానిలో నూటికి పదిహేను వంతులు పైకి తీసి సీసాలో వేస్తాను. ఆ నెలకు అదే." మొదటి నెల జాడీ నిండుగా ఉన్నది కనుక సీసాలోకి బాగానే వస్తుంది. రెండో నెల జాడీలో తగ్గింది కనుక సీసాలోకి కూడా తగ్గుతుంది. శాతం మారలేదు, తీసిన ఆవకాయ మాత్రం నెలనెలా తగ్గుతూ వచ్చింది. ఈ నియమం తప్పకుండా పాటిస్తే జాడీ ఎన్నటికీ పూర్తిగా ఖాళీ కాదు. (మీ వంటి పిల్లలున్న ఇంట్లో అయితే సంగతి వేరు.)

కారు విలువ కూడా ఆ జాడీ వంటిదే. ఆ అమ్మాయి చేత కాగితం మీద లెక్క చేయించాను. మీరూ పెన్సిలు తీసుకుని కూడా చేయండి.

కొన్న ధర 6,00,000. దానిలో 15 శాతం 90,000. కాబట్టి మొదటి ఏడు చివర మిగిలింది 5,10,000.

ఇప్పుడు 5,10,000లో 15 శాతం తీయాలి. అది 76,500. చూశారా, కిందటి ఏటి కన్నా 13,500 తక్కువ తరిగింది. రెండో ఏడు చివర 4,33,500.

దానిలో 15 శాతం 65,025. మూడో ఏడు చివర 3,68,475.

దానిలో 15 శాతం 55,271 రూపాయల 25 పైసలు. నాలుగో ఏడు చివర 3,13,203 రూపాయల 75 పైసలు.

దానిలో 15 శాతం సుమారు 46,980 రూపాయల 56 పైసలు. అయిదో ఏడు చివర మిగిలింది 2,66,223 రూపాయల 19 పైసలు.

పైసలు ఎవరిస్తారు, వదిలేద్దామని అమ్మాయి అన్నది. చివర వదిలేయవచ్చు, నడుమ వదలకూడదు. ఒక ఏడు చేసిన చిన్న సవరణ మరుసటి ఏటి లెక్కలోకి వెళ్లి కూర్చుంటుంది, అక్కడి నుంచి ఆ పై ఏటికి పోతుంది. చివరి వరకు ఓపిక పట్టి, అప్పుడు 2,66,223 అని రాసుకోండి.

లక్షన్నర ఎక్కడ, రెండు లక్షల అరవై ఆరు వేలు ఎక్కడ? తేడా 1,16,223 రూపాయలు. కూడిక గుర్తు ఉండకూడని చోట ఉన్నందువల్ల ఒక మంచి మనిషి, తనకు తెలియకుండానే, అక్క మొగుడి సొత్తు లక్షా పదహారు వేలు పట్టుకుపోయేవాడు. అయిదేళ్లలో నిజంగా పోయినది నూటికి 75 కాదు, సుమారు 55.6 మాత్రమే.

దుకాణదారుకు ముఖం కాస్త విప్పారింది. ఆ అమ్మాయి మటుకు కాగితం నిండా ఉన్న తీసివేతలు చూసి, "తాతగారూ, పదేళ్ల కారయితే పదిసార్లు ఇదంతా చేయాలా?" అని అడిగింది.

చేయనక్కరలేదు. ప్రతి ఏడూ మనం రెండు పనులు చేశాము. 15 శాతం కనుక్కున్నాము. తర్వాత దాన్ని తీసివేశాము. నూటిలో 15 పోతే మిగిలేది ఎప్పుడూ 85 కదా! అందుచేత పోయినదాని జోలికి పోకుండా, మిగిలేదాన్నే నేరుగా పట్టుకోవచ్చు. ప్రతి ఏడూ 85తో గుణించి 100తో భాగిస్తే చాలు, అంటే 0.85తో గుణించాలి. అయిదేళ్లకు అయిదుసార్లు.

6,00,000 × 0.85 × 0.85 × 0.85 × 0.85 × 0.85

మీలో ఘాతాలు నేర్చుకున్నవారు దీన్నే 6,00,000 × (0.85)^5 అని పొట్టిగా రాస్తారు. 0.85ను దానితోనే గుణిస్తూ పోతే అయిదోసారికి 0.4437 వస్తుంది. అంటే ఎంత ధర పెట్టి కొన్న కారయినా సరే, ఏటా 15 శాతం చొప్పున తరిగితే, అయిదేళ్లకు దాని ధరలో నూటికి 44 వంతులకు కొంచెం పైగా మిగులుతుంది. పదేళ్లు కావాలంటే ఈ 0.4437ను దానితోనే ఇంకోసారి గుణించండి, 0.1969 వస్తుంది. ఆరు లక్షల కారుకు పదేళ్లకు సుమారు 1,18,000 అన్నమాట. చక్రవడ్డీ లెక్క చేసినవారికి ఇది పాత చుట్టమే. అక్కడ ఏటేటా 1 కన్నా పెద్ద సంఖ్యతో గుణిస్తాము, ఇక్కడ 1 కన్నా చిన్న సంఖ్యతో. అంతే తేడా.

ఇంకొక సంగతి. దుకాణదారు కారు కొన్నది ఏప్రిల్‌లో కనుక మొదటి ఏడే పూర్తి 15 శాతం పడింది. మన లెక్కల సంవత్సరం మార్చి 31తో ముగుస్తుంది. ఆయన డిసెంబరులో కొని ఉంటే ఆ సంవత్సరంలో కారును వాడినది 180 రోజుల కన్నా తక్కువ అయ్యేది. అలాంటప్పుడు పన్ను లెక్కలో ఆ మొదటి సంవత్సరానికి సగం తరుగు, అంటే ఏడున్నర శాతమే రాస్తారు. కాబట్టి పుస్తకం చూసి లెక్క సరిచూసేటప్పుడు కొన్న నెల కూడా చూసుకోవాలి.

కథ ఇక్కడితో అయిపోయిందనుకున్నాను. కాలేదు. దుకాణదారు కారులోంచి బీమా పత్రం తెచ్చాడు. దాని మీద కారు విలువ 3,00,000 అని అచ్చయి ఉన్నది!

"చూశారా సార్, ఒక కాగితం రెండు లక్షల అరవై ఆరు అంటుంది, ఇంకో కాగితం మూడు లక్షలు అంటుంది. ఏది అబద్ధం?" అన్నాడు బావమరిది.

రెండూ అబద్ధం కాదు. రెండు కాగితాలూ "దేనిలో?" అన్న ప్రశ్నకు వేరువేరు జవాబులు చెబుతున్నాయి.

కారు దొంగలెత్తుకుపోయినా, బాగుచేయడానికి వీలులేకుండా దెబ్బతిన్నా, బీమా వారు ఎంత విలువ లెక్కగట్టాలో ముందుగానే పత్రం మీద రాసి ఉంచుతారు. దాన్ని ఐ.డి.వి. అంటారు. 2002 నాటి మన మోటారు బీమా టారిఫ్‌లో దీనికొక పట్టిక ఉన్నది. బండి వయసు ఆరు నెలల లోపయితే 5 శాతం తగ్గించాలి. ఆరు నెలలు దాటి ఏడాది లోపయితే 15 శాతం. ఏడాది దాటి రెండేళ్ల లోపయితే 20. మూడేళ్ల లోపయితే 30, నాలుగేళ్ల లోపయితే 40, అయిదేళ్ల లోపయితే 50. అయిదేళ్లు దాటిన బండికి పట్టిక లేదు. బండిగలవారూ బీమావారూ మాట్లాడుకుని ఒక విలువ కుదుర్చుకోవాలి.

ఈ పట్టికలో ప్రతి శాతమూ ఒకే సంఖ్య మీద పడుతుంది. ఆ సంఖ్య, తయారీదారు ఆ బండికి ప్రకటించిన అమ్మకపు ధర. నిరుటి విలువతో దీనికి పని లేదు. దుకాణదారు కారు వయసు ఆ పత్రం రాసేనాటికి నాలుగేళ్లు దాటింది, అయిదు నిండలేదు. కనుక ఆరు లక్షలలో 50 శాతం తీసి మూడు లక్షలు వేశారు. ఇక్కడ కూడికలూ లేవు, ఏటేటా గుణకారాలూ లేవు. వయసు చూడాలి, వరుస చూడాలి, ఒక్కసారి తీసివేయాలి.

నేను ఈ మాట చెప్పేలోగానే మన ఎనిమిదో తరగతి అమ్మాయి పెన్సిలు అందుకున్నది. ఇప్పుడే నేర్చుకున్న పద్ధతి మీద ఆమెకు ఎంత మోజు కలిగిందంటే, పట్టికలోని శాతాలన్నింటినీ వరుసగా గుణించేసింది. 0.95, దాని మీద 0.85, దాని మీద 0.80, తర్వాత 0.70, 0.60, 0.50. చివరకు కారు విలువ 81,396 అని తేల్చింది. వాళ్ల నాన్న ముఖం మళ్లీ వాడిపోయింది.

ఇందులో నవ్వవలసిందేమీ లేదు, పిల్లలూ. నా ముప్పై ఏళ్ల బడి జీవితంలో ఈ రెండు తప్పులూ ఎన్నిసార్లు దిద్దానో లెక్కలేదు. మామయ్య గుణించవలసిన చోట కూడాడు. కోడలు, నేరుగా తీసుకోవలసిన శాతాలను గుణించింది. ఇద్దరూ చేసిన పొరపాటు ఒకటే: శాతం కనబడగానే చేయి ముందుకు పోయింది, "దేనిలో?" అని అడగలేదు.

తప్పు పట్టడానికి ఒక ఉపాయం చెబుతాను. ఏటేటా ఎంత తరిగిందో పక్కన రాసుకోండి. మిగిలినదానిలో శాతం తీసే లెక్కలో ఆ తరుగు ఏడాదికేడాది తగ్గాలి. పైన మనకు 90,000, 76,500, 65,025, 55,271, 46,981 ఇలా దిగుతూ వచ్చింది. ఏ రెండేళ్లకయినా తరుగు సమానంగా వచ్చిందంటే మీరు మొదటి ధర మీదే శాతం తీశారన్నమాట. తరువాతి ఏటి తరుగు ముందటి ఏటి దానికన్నా పెరిగిందంటే గుణకారంలో ఎక్కడో జారారు. అలాగే తరుగులన్నీ కూడి, మిగిలిన విలువకు కలిపితే మొదటి ధర రావాలి. మన లెక్కలో తరుగుల మొత్తం 3,33,777. దానికి 2,66,223 కలపండి. సరిగ్గా ఆరు లక్షలు.

"మరి బీమా పట్టికను కూడా ఏటా ఒకే శాతంగా చెప్పలేమా?" అని అమ్మాయి అడిగింది. చెప్పవచ్చు, ఉజ్జాయింపుగా. అయిదేళ్లకు సగం మిగలాలంటే ఏటా ఎంత శాతం చొప్పున తరగాలి? కొందరు వెంటనే "యాభైని అయిదుతో భాగిస్తే పది" అంటారు. పది శాతం వేసి చూడండి. 0.90ను అయిదుసార్లు గుణిస్తే 0.59 వస్తుంది. ఇంకా నూటికి 59 మిగిలే ఉన్నది, చాలదు. 15 వేస్తే 44 వచ్చిందని చూశాము, ఎక్కువ తరిగింది. నడుమ 13 వేయండి. 0.87ను అయిదుసార్లు గుణిస్తే 0.498. ఇంచుమించు సగం! కనుక బీమా పట్టిక అయిదేళ్ల దూరం నుంచి చూస్తే, ఏటా 13 శాతం తరుగుదలకు దగ్గరగా ఉన్నట్టు కనబడుతుంది. నడుమ ఏళ్లలో మాత్రం రెండూ కొద్దిగా వేరువేరు దారుల్లో నడుస్తాయి.

ఇంతకీ కారు ఎంతకు అమ్మాలి? బావమరిది ఈ ప్రశ్న మళ్లీ నా మీదికే తోశాడు. నేను లెక్కల మాస్టారిని గాని కార్ల మేస్త్రీని కాను. ఆడిటరు రాసిన 2,66,223 పన్ను కోసం వేసిన విలువ. బీమావారు రాసిన మూడు లక్షలు నష్టం తీర్చడం కోసం వేసిన విలువ. ఆ రెండు కాగితాలు రాసినవారు ఎవరూ ఆ కారు తలుపు తెరిచి చూడలేదు. కారు ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, టైర్లు అరిగాయా, ఎప్పుడైనా గుద్దుకున్నదా, వానాకాలంలో నీళ్లలో మునిగిందా, ఆ రకం కారు ఇప్పటికీ తయారవుతున్నదా, ఇవేవీ 0.85కు తెలియవు. ఒకే రోజు కొన్న రెండు కార్లలో ఒకటి ఇంటి ముందు నీడలో ఉండి, ఇంకొకటి కాగితం కట్టల బరువుకు కుంగిపోతే, లెక్క రెండింటికీ ఒకే విలువ చెబుతుంది. కొనేవాడు చెప్పడు.

మరీ పాత బండ్ల దగ్గర ఈ లెక్క తమాషాగా తయారవుతుంది. 1932లో నిజాం ప్రభుత్వ రైల్వే వారి రోడ్డు రవాణా శాఖ హైదరాబాదులో 27 బస్సులతో మొదలైంది. ఆ కాలపు ఆల్బియన్ బస్సు ఒకదాన్ని ఆర్టీసీ ఇప్పటికీ భద్రంగా దాచుకున్నది. ఆరు లక్షల బండి ఏదైనా ఏటా 15 శాతం చొప్పున 90 ఏళ్లు తరిగితే ఎంత మిగులుతుందో వేసి చూశాను. ఇరవై ఏడు పైసలు! పావలాకు రెండు పైసలు ఎక్కువ. ఆ ఆల్బియన్ బస్సును పావలాకు అడిగి చూడండి, ఇస్తారేమో!

అయినా బేరం ఎక్కడో మొదలు కావాలి కదా. లక్షన్నర దగ్గర మొదలు పెట్టడానికీ, రెండు లక్షల అరవై ఆరు వేలకూ మూడు లక్షలకూ నడుమ మొదలు పెట్టడానికీ చాలా తేడా ఉన్నది. ఆ సాయంకాలం వారికి తెలిసిన మేస్త్రీ వచ్చి కారు కింద పడుకుని చూశాడు. ముందు టైర్లు రెండూ మార్చాలన్నాడు, ఇంజను బాగున్నదన్నాడు. బావమరిది తనంతట తానే, "బావా, రెండు లక్షల డెబ్బై అయిదు వేలు. టైర్లు నేనే వేయించుకుంటాను," అన్నాడు. దుకాణదారు సరేనన్నాడు. ఇక ఖైరతాబాదు రవాణా కార్యాలయంలో పేరు మార్పించుకోవడమే మిగిలింది.

నా కాగితాలకు నకలు తీసి, డబ్బులు వద్దన్నాడు దుకాణదారు. నాలుగు పేజీలకు ఎంతవుతుందో అంతా బల్ల మీద పెట్టి వచ్చాను.

ఇక మీ వంతు. ఆ అమ్మాయికి ఇచ్చి వచ్చిన లెక్కే మీకూ ఇస్తున్నాను. ఒకాయన 80,000 రూపాయలు పెట్టి మోటారు సైకిలు కొన్నాడు. ఏటా ఒకే శాతం చొప్పున, మిగిలిన విలువ మీద తరుగు తీస్తూ వస్తే, రెండేళ్ల చివర దాని విలువ 64,800 అయింది. ఆ శాతం ఎంత?

రెండేళ్లలో మొత్తం 15,200 పోయింది, అది 80,000లో 19 శాతం, సగం చేస్తే తొమ్మిదిన్నర అని రాసి పంపేవారు కొందరుంటారు. ఉత్తరం పోస్టు చేసే ముందు ఆ తొమ్మిదిన్నర శాతాన్నే రెండేళ్లు తీసి, 64,800 వస్తుందేమో చూసుకోండి. జవాబు వచ్చే నెల.